ఫైబర్‌కి దుమ్ము పట్టిందా, లేజర్‌కి వయసైపోయిందా? ఎస్ఎఫ్‌పీ చూపించే డీబీఎం నంబర్లు చదవడం ఇలా

ఫోన్ కొన్న రెండేళ్లకి బ్యాటరీ హెల్త్ 100 నుంచి 84కి వచ్చిందంటే సంగతేంటో మనందరికీ అర్థమవుతుంది. ఫైబర్ లింక్‌కి కూడా అలాంటి హెల్త్ పేజీ ఒకటి ఉంది. కాకపోతే అక్కడ శాతాలు ఉండవు, -18.6 dBm లాంటి నంబర్లు ఉంటాయి. ఆ నంబర్ మంచిదా చెడ్డదా అని అడిగితే చాలామంది నెట్‌లో ఒక చార్ట్ వెతికి "-20 లోపల ఉంది కదా, ఓకే" అని వదిలేస్తారు. నిజానికి ఆ ఒక్క నంబర్ చూసి ఏమీ చెప్పలేం. రెండు చివరల నంబర్లూ పక్కపక్కన పెట్టాలి, పాత నంబర్లతో పోల్చాలి. అప్పుడు లోపం కనెక్టర్‌లో ఉందా, లేజర్‌లో ఉందా, కేబుల్‌లో ఉందా అన్నది ఇంట్లో కూర్చునే చాలావరకు తేల్చేయొచ్చు.

ఈ ఆర్టికల్‌లో ఒక నిజమైన లింక్ తీసుకుని అది ఎలాగో చూద్దాం. వికారాబాద్ నుంచి తాండూరుకి సుమారు 40 కిలోమీటర్లు. వికారాబాద్‌లో ఒక చిన్న లోకల్ ఆపరేటర్‌కి మానిటరింగ్ స్క్రిప్టులు రాసిపెట్టడంలో నేను సాయం చేస్తుంటాను. ఆయన తాండూరు కస్టమర్ల ట్రాఫిక్ మొత్తం ఒకే 1 గిగాబిట్ లింక్ మీద వెళ్తుంది. ఆ లింక్ నీరసిస్తే సాయంత్రం ఆన్‌లైన్ క్లాసులు, వర్క్ ఫ్రమ్ హోమ్ కాల్స్, షాపుల్లో క్యూఆర్ పేమెంట్లు అన్నీ ఒకేసారి తడబడతాయి. పైగా తాండూరు అంటే నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లు, సిమెంట్ ఫ్యాక్టరీలు. అక్కడ రాతి పొడి పడని చోటు వెతకడమే కష్టం. ఫైబర్ కనెక్టర్‌కి అస్సలు పడనిది అదే.

ముందు డీబీఎం అంటే ఏంటో చూసేద్దాం

ఎస్ఎఫ్‌పీ అంటే స్విచ్‌లోనో రౌటర్‌లోనో దూర్చే బొటనవేలంత మెటల్ మాడ్యూల్. ఒక పక్క కరెంట్ సిగ్నల్‌ని లేజర్ కాంతిగా మార్చి పంపిస్తుంది, రెండో పక్క వచ్చే కాంతిని మళ్లీ కరెంట్ సిగ్నల్‌గా మారుస్తుంది. పంపేదాన్ని టీఎక్స్ అని, అందుకునేదాన్ని ఆర్ఎక్స్ అని అంటాం.

కాంతి ఎంత ఉందో మిల్లీవాట్లలో చెప్పొచ్చు. కానీ బయల్దేరేటప్పుడు 0.7 మిల్లీవాట్లు ఉన్న కాంతి, 40 కిలోమీటర్లు పోయేసరికి 0.014 అవుతుంది. ఇలాంటి నంబర్లతో లెక్కలు చేయడం విసుగు. అందుకని లాగరిథం వాడతారు:

```
dBm = 10 × log10(mW)
```

1 మిల్లీవాట్ అంటే 0 డీబీఎం. అందులో పదో వంతు -10. నూరో వంతు -20. మైనస్ ఉందంటే కాంతి లేదని కాదు, 1 మిల్లీవాట్ కన్నా తక్కువ ఉందని అంతే. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంటే చాలు. 3 డీబీ తగ్గితే కాంతి సగం అయినట్టు. 10 డీబీ తగ్గితే పదో వంతు మిగిలినట్టు.

డీబీఎం అనేది కాంతి ఎంత ఉందో చెప్తుంది. డీబీ అనేది రెండు కొలతల మధ్య తేడా చెప్తుంది. లాగరిథం వల్ల వచ్చే పెద్ద లాభం ఏంటంటే, దారిలో ఎంత పోయిందో తెలుసుకోవడానికి భాగహారం అక్కర్లేదు, తీసివేత చాలు. అవతలి టీఎక్స్‌లోంచి ఇవతలి ఆర్ఎక్స్ తీసేస్తే, వచ్చేదే దారిలో పోయిన కాంతి.

మాడ్యూల్ చెప్పే ఐదు నంబర్లు

డయాగ్నోస్టిక్స్ ఉన్న ఎస్ఎఫ్‌పీ లోపల ఒక చిన్న మెమరీ ఉంటుంది. దాని లేఅవుట్‌ని SFF-8472 అనే స్పెసిఫికేషన్ నిర్ణయిస్తుంది. దీన్నే డీడీఎం లేదా డీఓఎం అంటారు. లైనక్స్ మెషిన్‌లో ఎస్ఎఫ్‌పీ ఉంటే ఈ కమాండ్ ఇవ్వండి. ఇంటర్‌ఫేస్ పేరు మాత్రం మీది పెట్టుకోండి:

```
$ sudo ethtool -m eth1
Laser bias current                    : 24.100 mA
Laser output power                    : 0.7079 mW / -1.50 dBm
Receiver signal average optical power : 0.0145 mW / -18.40 dBm
Module temperature                    : 45.00 degrees C / 113.00 degrees F
Module voltage                        : 3.2910 V
```

మైక్రోటిక్ రౌటర్ అయితే ఇవే నంబర్లు ఇలా వస్తాయి:

```
/interface ethernet monitor sfp1 once
```

వోల్టేజ్ 3.3 దగ్గర ఉంటే దాన్ని మర్చిపోవచ్చు. మిగిలిన నాలుగూ ముఖ్యమే. అయితే ప్రతి నంబర్‌నీ మాడ్యూల్ ఎక్కడ నిలబడి కొలుస్తోందో తెలియాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ఆర్ఎక్స్ పవర్‌లో మతలబు లేదు. ఫైబర్‌లోంచి వచ్చి రిసీవర్ మీద పడ్డ కాంతి అది. టీఎక్స్ పవర్ మాత్రం మనం అనుకునేది కాదు. అది కనెక్టర్ నుంచి బయటికెళ్లిన కాంతి కాదు. లేజర్ పక్కనే, మాడ్యూల్ లోపల ఒక చిన్న మానిటర్ ఫోటోడయోడ్ ఉంటుంది, అది చూసి చెప్పే అంచనా. అంటే ప్యాచ్ కార్డ్ చివర బురద పూసి పెట్టినా టీఎక్స్ రీడింగ్ కదలదు. "టీఎక్స్ బాగానే ఉంది, మన వైపు క్లీన్‌గానే ఉంది" అనే మాట అందుకే చెల్లదు. టీఎక్స్ బాగుందంటే లేజర్ బాగుందని మాత్రమే.

ఇక బయాస్ కరెంట్. లేజర్ వెలగడానికి మాడ్యూల్ ఇస్తున్న కరెంట్ ఇది, మిల్లీఆంప్‌లలో ఉంటుంది. మామూలు డిజైన్‌లో మాడ్యూల్ టీఎక్స్ పవర్‌ని ఒకే చోట నిలబెట్టడానికి ప్రయత్నిస్తుంది. లేజర్ కాస్త నీరసిస్తే కరెంట్ కొంచెం పెంచి మళ్లీ అదే వెలుగు రప్పిస్తుంది. కాబట్టి లేజర్ ముసలిదవుతుంటే ముందు తెలిసేది టీఎక్స్‌లో కాదు, బయాస్‌లో.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. SFF-8472 ప్రకారం టీఎక్స్, ఆర్ఎక్స్ రీడింగ్‌లలో ప్లస్ ఆర్ మైనస్ 3 డీబీ వరకు తప్పు ఉండొచ్చు. రెండు వేర్వేరు మాడ్యూళ్ల నంబర్లని పోల్చేటప్పుడు 1 డీబీ తేడా కనిపిస్తే కంగారు పడొద్దు. కానీ అదే మాడ్యూల్ నిన్న చెప్పినదానికీ ఇవాళ చెప్పినదానికీ మధ్య 1 డీబీ తేడా వస్తే పట్టించుకోవాలి. తప్పు చూపించే గడియారమైనా రోజూ ఒకే తప్పు చూపిస్తే, ఎంత సేపు గడిచిందో చెప్పగలం కదా, ఇదీ అంతే.

లింక్ జమాఖర్చు: డబ్బా మీద కిలోమీటర్లు నమ్మొద్దు

మన లింక్‌లో రెండు చివరలా 1310 నానోమీటర్ల "40 కిలోమీటర్ల" ఎస్ఎఫ్‌పీలు ఉన్నాయి. వికారాబాద్ నుంచి తాండూరుకి ఒక ఫైబర్, తిరిగి రావడానికి ఇంకో ఫైబర్. ఈ మాడ్యూల్ డేటాషీట్‌లో రిసీవర్ సెన్సిటివిటీ -23 డీబీఎం. అంటే అంతకన్నా తక్కువ కాంతి వస్తే డేటా తప్పుల్లేకుండా చదవగలనని మాడ్యూల్ మాట ఇవ్వదు.

40 అని రాసి ఉన్నా, కిలోమీటర్లకి కాదు, డీబీలకి లెక్క వేయాలి. కేబుల్‌ని అక్కడక్కడా లూప్‌లు చుట్టి వదులుతారు కాబట్టి ఫైబర్ పొడవు రోడ్డు కన్నా ఎక్కువే ఉంటుంది. మనం 42 కిలోమీటర్లు అనుకుందాం. 1310 దగ్గర కిలోమీటర్‌కి 0.35 డీబీ చొప్పున 14.7 డీబీ పోతుంది. దారిలో ఓ ఇరవై స్ప్లైస్‌లు, ఒక్కోటి 0.05 చొప్పున 1 డీబీ. రెండు చివరలా ప్యాచ్ ప్యానెల్‌లో ఒక్కో జాయింట్, సగం డీబీ చొప్పున ఇంకో 1 డీబీ. మొత్తం 16.7.

టీఎక్స్ -1.5 నుంచి 16.7 తీసేస్తే -18.2 వస్తుంది. సెన్సిటివిటీ -23. అంటే చేతిలో మిగిలింది 4.8 డీబీ. ఇదే మన మార్జిన్. కొత్తగా వేసినప్పుడు హాయిగా నడిచే లింక్ ఇది. కానీ ఒక్క మురికి కనెక్టర్ ఈ మార్జిన్ మొత్తాన్ని తినేయగలదు. అందుకే ఈ లింక్‌లో నంబర్లు చదవడం సరదా కాదు, అవసరం.

కేస్: సాయంత్రం అయితే తాండూరు నెట్ స్లో

లింక్ పెట్టిన రోజు నంబర్లు మా దగ్గర రాసి ఉన్నాయి. కంప్లయింట్లు మొదలయ్యాక మళ్లీ తీశాం. రెండూ పక్కపక్కన పెడితే ఇలా ఉంది (అన్నీ డీబీఎంలో, నష్టం మాత్రం డీబీలో):

| దారి | ఎప్పుడు | టీఎక్స్ | ఆర్ఎక్స్ | నష్టం |
|---|---|---|---|---|
| వికారాబాద్ → తాండూరు | మొదటి రోజు | -1.5 | -18.6 | 17.1 |
| వికారాబాద్ → తాండూరు | కంప్లయింట్ రోజు | -1.5 | -22.9 | 21.4 |
| తాండూరు → వికారాబాద్ | మొదటి రోజు | -1.2 | -18.4 | 17.2 |
| తాండూరు → వికారాబాద్ | కంప్లయింట్ రోజు | -1.3 | -18.6 | 17.3 |

లింక్ పడిపోలేదు. లైట్ వెలుగుతూనే ఉంది. పింగ్ కూడా వెళ్తోంది. కానీ తాండూరు వైపు సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతున్నాయి. సెన్సిటివిటీ అంచున ఉన్న లింక్ లక్షణమే ఇది. అక్కడ ఒక్క డీబీ అటూ ఇటూ అయితే ఎర్రర్లు దాదాపు సున్నా నుంచి వరదలా మారిపోతాయి. ప్యాకెట్లు పగలంతా కూడా పోతూనే ఉన్నాయి. సాయంత్రం అందరూ ఒకేసారి వాడతారు కాబట్టి అప్పుడే తెలిసింది, అంతే.

తాండూరులో ఉన్న టెక్నీషియన్ ఫోన్‌లో, "తమ్మీ, ఇక్కడి మాడ్యూల్ పోయినట్టుంది. కొత్తది పెడ్దామా?" అని అడిగాడు. నేను, "ఆగు అన్నా, ముందు ఈ నంబర్లు చూద్దాం" అన్నాను. ఎందుకు ఆగమన్నానో ఒక్కో మెట్టుగా చూడండి.

మొదటిది, వికారాబాద్ లేజర్ తప్పా? టీఎక్స్ -1.5 దగ్గరే ఉంది. బయాస్ 24 మిల్లీఆంప్‌లు, మొదటి రోజూ అంతే. లేజర్ నిక్షేపంలా ఉంది.

రెండోది, కేబుల్ తప్పా? రెండు ఫైబర్లూ ఒకే కేబుల్‌లో ఉన్నాయి. కేబుల్ నలిగినా, జేసీబీ లాగినా మామూలుగా రెండూ దెబ్బతింటాయి. ఇక్కడ ఒక దారిలో 4.3 డీబీ పెరిగింది, రెండో దారిలో 0.1 మాత్రమే. కాబట్టి అనుమానం ముందుగా ఆ ఒక్క ఫైబర్ చివర్లలో ఉన్న కనెక్టర్ల మీదకి వెళ్తుంది. జాయింట్ బాక్స్‌లో ఆ ఒక్క ఫైబరే మడతపడే అవకాశమూ ఉంది. కానీ దానికోసం బండి తీసుకుని 40 కిలోమీటర్లు వెతకడం కన్నా, నాలుగు కనెక్టర్లు తుడవడం ముందు చేయాల్సిన పని.

మూడోది, తాండూరు రిసీవర్ తప్పా? దీన్ని నంబర్లతో తేల్చలేం, ఎందుకంటే ఆ నంబర్ చెప్పేదే ఆ రిసీవర్. అందుకని ఎస్ఎఫ్‌పీలోంచి ప్యాచ్ కార్డ్ తీసి పవర్ మీటర్‌కి పెట్టించాం, మీటర్‌ని 1310కి సెట్ చేసి. మీటర్ -22.6 చూపించింది. కాంతి నిజంగానే తక్కువ వస్తోంది, రిసీవర్ నిజమే చెప్తోంది. మాడ్యూల్ మార్చి లాభం లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అప్పుడు మాడ్యూల్ మార్చి ఉంటే లింక్ బాగయ్యే అవకాశం కూడా ఉంది! ఎందుకంటే మాడ్యూల్ మార్చాలంటే కనెక్టర్ పీకి మళ్లీ పెట్టాలి. ఆ కదలికకి దుమ్ము రేణువు పక్కకి జరిగితే ఆర్ఎక్స్ పెరుగుతుంది. అందరూ "పాత మాడ్యూల్ పాడు" అని రాసుకుని, మంచి మాడ్యూల్‌ని చెత్తబుట్టలో వేస్తారు. నెల తర్వాత అదే కంప్లయింట్ మళ్లీ వస్తుంది.

తుడవడం కూడా కొలతే

సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి వెళ్లే కోర్ సుమారు 9 మైక్రాన్లు. మన తల వెంట్రుక దానికి చాలా రెట్లు లావు. పాలిషింగ్ యూనిట్ నుంచి ఎగిరే పొడిలో కోర్‌ని మూసేయగల రేణువులకి కొదవ లేదు. రేణువు రెండు కనెక్టర్ ముఖాల మధ్య ఇరుక్కుంటే కాంతిని అడ్డుకోవడమే కాదు, రెండు ముఖాలూ ఆనుకోకుండా మధ్యలో గాలి సందు కూడా పెడుతుంది. నాపరాయి పొడి గాజు కన్నా మెత్తనిది కాబట్టి తుడిస్తే సాధారణంగా పోతుంది. ఇసుక రేణువైతే గాజు మీదే గుంట పెట్టొచ్చు. అప్పుడు ఎంత తుడిచినా నంబర్ వెనక్కి రాదు, ప్యాచ్ కార్డే మార్చాలి.

తుడిచే ముందు కాంతి ఆపాలి. 1310 కంటికి కనిపించదు, కనిపించట్లేదు కదా అని ఫైబర్ చివరలోకి చూడొద్దు. అవతలి ఎస్ఎఫ్‌పీ పోర్ట్ డిజేబుల్ చేయించి, కెమెరా ఉన్న ఫైబర్ మైక్రోస్కోప్‌తోనే చూడాలి. తుడవడానికి పెన్ను లాంటి వన్-క్లిక్ క్లీనర్ దొరుకుతుంది. ఎల్‌సీ కనెక్టర్‌కి 1.25 మిల్లీమీటర్లది, ఎస్‌సీకి 2.5 మిల్లీమీటర్లది కావాలి. చొక్కా అంచుతో తుడిచినా, నోటితో ఊదినా ఉన్న మురికికి నూనె, తేమ తోడవుతాయి.

అసలు విషయం ఏంటంటే, అన్నీ ఒకేసారి తుడిచేయొద్దు. ఒక జాయింట్ తుడవండి, పెట్టండి, ఆర్ఎక్స్ చదవండి, రాసుకోండి. అప్పుడు పోతే ఎక్కడ పోయిందో తెలుస్తుంది. జాయింట్ అంటే రెండు ముఖాలు, రెండూ తుడవాలి. శుభ్రమైన ముఖాన్ని మురికి ముఖానికి ఆనిస్తే రెండూ మురికవుతాయి.

మా లెక్క ఇలా నడిచింది. తాండూరు ఎస్ఎఫ్‌పీ దగ్గరి ఎల్‌సీ తుడిస్తే -22.9 నుంచి -22.6కి వచ్చింది, పెద్దగా ఏమీ లేదు. ప్యాచ్ ప్యానెల్ దగ్గరి ఎస్‌సీ జాయింట్ విప్పి మైక్రోస్కోప్‌లో చూస్తే కోర్ మీదే బూడిద రంగు మచ్చ. తుడిచి పెట్టాక -18.8. మొదటి రోజు -18.6. మిగిలిన 0.2 కోసం వికారాబాద్ చివర కదిలించలేదు. బాగా ఉన్న జాయింట్‌ని విప్పడం అంటే దుమ్ముకి తలుపు తెరవడమే. సీఆర్‌సీ ఎర్రర్లు పెరగడం ఆగిపోయింది. కొత్త మాడ్యూల్ కొనలేదు, స్ప్లైసింగ్ బండి పిలవలేదు. ప్యానెల్‌లో ఖాళీగా తెరిచి ఉన్న పోర్టులన్నిటికీ డస్ట్ క్యాప్‌లు మాత్రం పెట్టించాం.

అదే టేబుల్‌లో దాక్కున్న రెండో జబ్బు

పై టేబుల్‌లో తాండూరు నుంచి వికారాబాద్ దారి మళ్లీ చూడండి. టీఎక్స్ -1.2 నుంచి -1.3. నష్టం దాదాపు అంతే. డీబీఎం మాత్రమే చూసేవాళ్లకి ఈ దారి పూర్తి ఆరోగ్యంగా కనిపిస్తుంది. కానీ బయాస్ కాలమ్ కూడా తీస్తే, తాండూరు మాడ్యూల్‌లో మొదటి రోజు 22 మిల్లీఆంప్‌లు ఉన్నది ఇప్పుడు 30కి చేరింది. అదే వెలుగు కోసం మూడో వంతుకి పైగా ఎక్కువ కరెంట్ తాగుతోంది.

ముందు టెంపరేచర్ చూడాలి. లేజర్ వేడెక్కితే ఆరోగ్యంగా ఉన్నా ఎక్కువ కరెంట్ అడుగుతుంది. తాండూరు ఎండాకాలంలో, ఏసీ లేని గదిలో బయాస్ పెరగడం మామూలే. జనవరి నంబర్‌ని మే నంబర్‌తో పోలిస్తే ప్రతి లేజరూ ముసలిదిగానే కనిపిస్తుంది. కాబట్టి ఒకే మాడ్యూల్ టెంపరేచర్ దగ్గర తీసిన రెండు రీడింగ్‌లనే పోల్చండి. మా రెండు రీడింగ్‌లూ 45 డిగ్రీల దగ్గర తీసినవే. కాబట్టి ఇది ఎండ కాదు, వయసు.

స్థిరమైన పవర్ దగ్గర బయాస్ 50 శాతం పెరగడాన్ని లేజర్ ఆయుష్షు తీరడానికి గుర్తుగా తీసుకోవడం ఇండస్ట్రీలో మామూలు. మా మాడ్యూల్ ఆ లెక్కన 33 దగ్గర ఆ గీత తాకుతుంది. ఆ గీత దాటిన మర్నాడే చచ్చిపోతుందని కాదు. కానీ ఒక దశ తర్వాత మాడ్యూల్ ఇవ్వగలిగిన కరెంట్ అయిపోతుంది, అప్పుడు టీఎక్స్ జారడం మొదలవుతుంది. 4.8 డీబీ మార్జిన్ ఉన్న లింక్‌కి ఆ జారుడు ఎక్కువ రోజులు తట్టుకునే ఓపిక ఉండదు. ఆ టెక్నీషియన్ అన్న కొందామన్న కొత్త మాడ్యూల్ చివరికి కొన్నాం, కానీ వేరే కారణానికి. అది స్పేర్‌గా తాండూరు గదిలోనే ఉంది. తీరిక ఉన్న ఒక తెల్లవారుజామున మార్చుకోవచ్చు, పరిగెత్తాల్సిన పని లేదు.

రెండు జబ్బుల తేడా ఒక్క మాటలో చెప్పాలంటే ఇది: టీఎక్స్, బయాస్ కదలకుండా అవతలి ఆర్ఎక్స్ పడితే దారిలో లోపం. అవతలి ఆర్ఎక్స్ ఇంకా బాగానే ఉండి, ఒకే వేడి దగ్గర బయాస్ నెలనెలా పెరుగుతుంటే లేజర్‌కి వయసు.

రెండు దారులూ ఒకేసారి పడితే?

అప్పుడు కనెక్టర్ కన్నా కేబుల్‌ని అనుమానించాలి. రోడ్డు పనుల్లో తెగిన కేబుల్‌ని అతికించిన రోజు నుంచి రెండు వైపులా మెట్టు దిగినట్టు నష్టం పెరిగితే, ఆ రిపేర్ స్ప్లైస్‌ని మళ్లీ చూడమని అడగొచ్చు. మెట్టులా కాకుండా నెలల తరబడి రెండూ మెల్లగా పడుతుంటే, జాయింట్ బాక్స్‌లో నీళ్లు చేరడం, ఫైబర్ మడత బిగుసుకోవడం లాంటివి కారణం కావచ్చు. ఎన్నో కిలోమీటర్ దగ్గర అన్నది మాత్రం డీబీఎం నంబర్లు చెప్పలేవు. దానికి ఓటీడీఆర్ మెషిన్ కావాలి. ట్రాన్సీవర్ నంబర్లు మొత్తం నష్టం చెప్తాయి, ఓటీడీఆర్ ఆ నష్టం చిరునామా చెప్తుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. రెండు వైపులకీ ఒకే ఫైబర్ వాడే బైడీ మాడ్యూళ్లు ఉంటే, ఒక మురికి కనెక్టర్ రెండు దారుల్నీ పడేస్తుంది. అక్కడ వేవ్‌లెంగ్త్ సాయం చేస్తుంది. ఫైబర్ మడతపడితే 1310 కన్నా 1550 కాంతి బాగా ఎక్కువ కారిపోతుంది. 1550 దారి చాలా పడి, 1310 దారి కొద్దిగా పడితే మడత. రెండూ ఇంచుమించు సమానంగా పడితే కనెక్టర్ దగ్గర మొదలుపెట్టండి.

మీ ఇంటి ఓఎన్‌టీలో

ఇంటి ఫైబర్ చాలాచోట్ల జీపాన్. మీ ఓఎన్‌టీ అడ్మిన్ పేజీలో స్టేటస్ కింద "Optical" లేదా "PON" అని ఉంటే, అక్కడ "RX Optical Power" కనిపిస్తుంది. ఎక్కువగా వాడే బీ ప్లస్ క్లాస్‌లో ఇంటి వైపు రిసీవర్ -8 నుంచి -27 డీబీఎం దాకా పనిచేయాలి. -8 కన్నా ఎక్కువ కాంతి కూడా మంచిది కాదు, రిసీవర్‌కి కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఇక్కడ అవతలి టీఎక్స్ మీకు కనిపించదు కాబట్టి నష్టం లెక్క వేయలేరు. మీ చేతిలో ఉన్నది పోలిక ఒక్కటే. కనెక్షన్ ఇచ్చిన రోజు ఆర్ఎక్స్ -20 ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి. ఆరు నెలలకి -25.5 అయితే నెట్ ఇంకా నడుస్తున్నా కంప్లయింట్ ఇవ్వడానికి అది చాలు. "నెట్ స్లో" అని చెప్పే కస్టమర్‌కి, "ఆర్ఎక్స్ 5.5 డీబీ పడింది, నా ఓఎన్‌టీ వెనక వైర్ మడత లేదు, చూసుకున్నాను" అని చెప్పే కస్టమర్‌కి వచ్చే జవాబు ఒకేలా ఉండదు. వెనకాల ఉండే ఆకుపచ్చ కనెక్టర్‌ని మాత్రం క్లీనర్ లేకుండా పీకొద్దు, నీలం కనెక్టర్‌తో అసలే కలపొద్దు. ఆకుపచ్చదాని ముఖం ఏటవాలుగా ఉంటుంది, నీలందాని ముఖం అలా ఉండదు, రెండూ సరిగ్గా ఆనవు.

మొదటి రోజు నంబర్ లేకపోతే?

ఇవాళే మొదటి రోజు అనుకోండి. ఎస్ఎఫ్‌పీ ఉన్న లైనక్స్ బాక్స్‌లో ఈ స్క్రిప్ట్‌ని రూట్ క్రాన్‌లో గంటకోసారి నడిపితే చాలు:

```
#!/bin/bash
PATH=$PATH:/usr/sbin:/sbin
date -Is >> /var/log/optic.log
ethtool -m eth1 | grep -E '^\s*(Laser bias current|Laser output power|Receiver signal average optical power|Module temperature) +:' >> /var/log/optic.log
ethtool -S eth1 | grep -i crc >> /var/log/optic.log
```

అలారం థ్రెషోల్డ్ లైన్లు రాకుండా ఆ grep చూసుకుంటుంది. టెంపరేచర్ లైన్ మాత్రం తీసేయకండి, అది లేకపోతే బయాస్ నంబర్‌కి అర్థం ఉండదు. రెండు చివరలా పెట్టండి, ఒక చివర లాగ్ సగం కథే. అలర్ట్ పెట్టేటప్పుడు -23 లాంటి గీత దగ్గర కాకుండా, మొదటి రోజు నంబర్ కన్నా 2 డీబీ పడగానే మోగేలా పెట్టండి. మా లింక్‌లో అలా పెట్టి ఉంటే ఆర్ఎక్స్ -20.6 దగ్గరే మెసేజ్ వచ్చేది. సెన్సిటివిటీకి ఇంకా 2.4 డీబీ దూరం ఉండగానే, ఒక్క కస్టమర్ కూడా ఫోన్ చేయకముందే, ఒకరు క్లీనర్ పట్టుకుని ప్యాచ్ ప్యానెల్ దగ్గరికి వెళ్లి వచ్చేవాళ్లు.